మనసులో లెక్క చిట్కాను చిన్న వీడియోలో దశలవారీగా చూపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నూటికి కాస్త తక్కువగా ఉన్న రెండు సంఖ్యల్ని కాగితం లేకుండా గుణించే చిట్కాను తీసుకుని ఈ జవాబులు రాశాం. 97 × 94 అనే ఒకే లెక్క మొదటి నుంచీ వెంట వస్తుంది. 45 సెకన్ల నిలువు వీడియోలో, ప్రతి దశా తెరమీద కనబడుతూ, చూసేవాళ్లు తామే ఇంకో లెక్క చేయగలిగేలా దాన్ని ఎలా తయారుచేయాలో ఇక్కడ ఉంది.

ముందు ఆ చిట్కా ఏమిటో చెప్పండి.

97 నూరు కావాలంటే ఇంకో 3 కావాలి. 94కి 6 కావాలి. వీటిని కొరతలు అందాం. ఒక సంఖ్య కొరతను రెండో సంఖ్యలోంచి తీసేయాలి: 94 − 3 = 91. అటునుంచి 97 − 6 చేసినా అదే 91 వస్తుంది. ఇది జవాబులో ఎడమ సగం. తర్వాత రెండు కొరతల్నీ గుణించాలి: 3 × 6 = 18. ఇది కుడి సగం. రెండూ పక్కపక్కన పెడితే 9118, అదే జవాబు.

చిన్న వీడియోకి ఇది బాగా కుదరడానికి కారణం ఉంది. మనసులో ఒక్కసారిగా మోయాల్సినవి రెండు చిన్న అంకెలే. జవాబు రెండు ముక్కలుగా విడివిడిగా తయారవుతుంది కాబట్టి ఒక్కో ముక్క తెరమీద తన చోట కూర్చోవడం కంటికి కనిపిస్తుంది. మధ్యలో నాలుగైదు సంఖ్యల్ని గుర్తుపెట్టుకోవాల్సిన చిట్కాలు నిమిషం లోపు వీడియోలో అర్థమైనట్టే అనిపిస్తాయి గానీ, ఫోన్ పక్కన పెట్టాక చేయబోతే చేతికి రావు.

ఉదాహరణగా ఏ సంఖ్యలు తీసుకోవాలి? ఏవైనా ఒకటే కదా?

ఒకటి కాదు. వీడియో నిలబడేదీ పడిపోయేదీ ఎక్కువగా ఇక్కడే.

98 × 98 తీసుకున్నారనుకోండి. కొరతలు 2, 2. కుడి సగం 4. ఆ 4 ఎలా వచ్చింది? రెండు రెళ్లు నాలుగు, రెండూ రెండూ కలిపినా నాలుగే. చూసేవాళ్లు కూడాలో గుణించాలో తేల్చుకోలేరు. పైగా రెండు సంఖ్యలూ ఒకటే కాబట్టి ఏ కొరతను దేంట్లోంచి తీశారో కూడా తెలియదు. అసలు నేర్పాల్సిన రెండు విషయాలూ ఈ ఉదాహరణలో కనబడకుండా పోతాయి.

98 × 97 కొంత నయం గానీ, కొరతల లబ్ధం 6 మాత్రమే. దాన్ని 06 అని రాయాలి. ఇది ముఖ్యమైన విషయమే, కానీ మొదటి ఉదాహరణలోనే వస్తే పద్ధతి, మినహాయింపు కలిసిపోయి గందరగోళమవుతుంది.

88 × 89 అయితే కొరతలు 12, 11. లబ్ధం 132, మూడంకెలు. నూరు ఎడమకి మోయాలి. ఇదీ మొదటి లెక్కకి పనికిరాదు.

97 × 94లో ఈ చిక్కులేవీ లేవు. కొరతలు రెండూ వేరు. గుణిస్తే 18, కూడితే 9, కాబట్టి తేడా కళ్లముందే ఉంటుంది. లబ్ధం సరిగ్గా రెండంకెలు. చూసేవాళ్లకి ఇచ్చే లెక్కకీ ఇదే కొలత వాడండి. 92 × 96 బాగుంటుంది: కొరతలు 8, 4. ఎడమ సగం 88, కుడి సగం 32, జవాబు 8832.

తెరమీద లెక్కను ఎలా అమర్చాలి?

సంఖ్యల్ని అడ్డంగా 97 × 94 అని కాకుండా మొదటి ఫ్రేమ్ నుంచే ఒకదాని కింద ఒకటి పెట్టండి. పైవరసలో 97, దాని కింద 94, ఎడమ పక్కన గుణకార గుర్తు. కుడివైపు కొరతలకి ఖాళీ నిలువు వరస. కింద ఒక గీత, గీత కింద జవాబుకి రెండు ఖాళీ గళ్లు. పూర్తయ్యేసరికి ఇలా కనబడుతుంది:

```
   97    3
×  94    6
-----------
   91 | 18
```

మొదట అడ్డంగా చూపించి తర్వాత నిలువుగా మార్చితే, ఆ కదలిక జరిగే సెకనులో చూసేవాళ్లు లెక్క వదిలేసి అంకెలెక్కడికి పోయాయో వెతుక్కుంటారు. ఈ అమరికలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. 3 పైవరసలో ఉంది, అది తీసేయాల్సింది కిందివరసలోని 94 నుంచి. అంటే ఏటవాలుగా ఒక బాణం గీస్తే ఆ దశ మొత్తం ఒక్క చూపులో అర్థమవుతుంది. కుడి నిలువు వరసలో 3, 6 ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, వాటి లబ్ధం సరిగ్గా వాటి కిందికే దిగుతుంది. అమరికే సగం పాఠం చెబుతుంది.

ఆ రెండు ఖాళీ గళ్లు మొదటి నుంచీ కనబడాలి. కుడి గడిలో రెండు అంకెలకి చోటున్నట్టు రెండు చిన్న గీతలు పెట్టండి. తర్వాత 06 గురించి చెప్పేటప్పుడు ఇవే సాయపడతాయి.

45 సెకన్లను ఎలా పంచాలి?

ఇలా పంచితే హడావిడి ఉండదు.

0 నుంచి 3 సెకన్లు: 97, 94 మాత్రమే తెరమీద. గొంతు: "తొంభై ఏడు ఇంటూ తొంభై నాలుగు. కాగితం లేకుండా." నమస్కారాలు, చానల్ పేరు ఇక్కడ వద్దు. వాటివల్ల లెక్క ఆలస్యంగా మొదలవుతుంది, చివర్లో చూసేవాళ్లకి ఇవ్వాల్సిన వ్యవధి తగ్గిపోతుంది.

3 నుంచి 10: కొరతలు. "తొంభై ఏడుకి నూరు కావాలంటే ఇంకెంత కావాలి?" ఒక్క క్షణం ఆగి, 3 ప్రత్యక్షం. అలాగే 94 పక్కన 6.

10 నుంచి 16: ఏటవాలు బాణం. "ఈ మూడుని తొంభై నాలుగులోంచి తీసేయండి." బాణం కదిలాక 91 ఎడమ గడిలోకి. ఈ దశకి అందరూ తక్కువ టైం ఇస్తారు. చూసేవాళ్లు తప్పు చేసేది కూడా ఇక్కడే కాబట్టి ఆరు సెకన్లూ దీనికే ఉంచండి.

16 నుంచి 21: "మూడు ఆరులు పద్దెనిమిది." 18 కుడి గడిలోకి.

21 నుంచి 25: మధ్య గీత చెరిగిపోయి 9118. అప్పుడు, "తొమ్మిది వేల నూట పద్దెనిమిది." గొంతులో ముందు "తొంభై ఒకటి... పద్దెనిమిది" అని ముక్కలుగా చెప్పి, తర్వాతే పూర్తి సంఖ్య చెప్పాలి. నేరుగా పూర్తి సంఖ్య చదివితే చెవికి 91, 18 అనే రెండు ముక్కలు వినబడవు.

25 నుంచి 32: 98 × 97. కొరతలు 2, 3, ఎడమ సగం 95 అన్నీ వేగంగా వచ్చేయొచ్చు, పద్ధతి ఇప్పుడే చూశారు కదా. కుడి సగం 6 దగ్గర ఆగండి. ఖాళీగా మిగిలిన చోట సున్నా వచ్చి చేరాలి: 06. జవాబు 9506.

32 నుంచి 41: 92 × 96, "ఇప్పుడు మీరు చేయండి." మాట అయ్యాక కనీసం ఆరు సెకన్లు ఏమీ మాట్లాడకూడదు.

41 నుంచి 45: కొరతలు, 88, 32 అన్నీ వేసి జవాబు. కింద ఒక వాక్యం: "రెండూ 91, 99 మధ్య ఉంటే నేరుగా పనిచేస్తుంది."

గొంతు ముందా, అంకె ముందా?

దశను బట్టి మారుతుంది. ప్రశ్న అయితే అంకె ముందు కనబడాలి, తర్వాత గొంతు. చూసేవాళ్లు చదివేలోపు మీరు చదివి వినిపిస్తే రెండూ పోటీ పడతాయి. ఫలితం అయితే ముందు గొంతు ప్రశ్న అడగాలి, అర సెకను నుంచి ఒక సెకను దాకా ఆగాలి, అప్పుడు అంకె రావాలి. ఆ చిన్న ఖాళీలో చూసేవాళ్లు తామే "మూడు" అనుకుంటారు, వెంటనే తెరమీద 3 వస్తుంది. ఈ ఖాళీ లేకపోతే వాళ్లు చేసేది చూడటమే, లెక్క చేయరు.

అందుకే గొంతు ముందు రికార్డు చేసి, దాని మీద అంకెల్ని పేర్చడం మంచిది. ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా ఎడిటింగ్ యాప్‌లలో మాటల మధ్య నిశ్శబ్దాన్ని వాటంతటవే కోసేసే సదుపాయం ఉంటుంది. మామూలు వీడియోకి అది బాగానే ఉంటుంది. ఈ వీడియోలో మాత్రం మీరు కావాలని ఉంచిన ఆలోచించే సమయాన్నంతా అది తీసేస్తుంది. ఆరు సెకన్ల విరామం కూడా మాయమవుతుంది. దాన్ని ఆపేసి, అక్కర్లేని తడబాట్లను మాత్రం చేత్తో కోయండి.

ఆ ఆరు సెకన్లలో తెర పూర్తిగా స్తంభించిపోతే వీడియో ఆగిపోయిందనుకుని కొందరు పైకి జరిపేస్తారు. అంకెలకి దూరంగా, అంచున నెమ్మదిగా తరిగే ఒక గీత పెడితే చాలు. పెద్ద అంకెలతో 5, 4, 3 అని లెక్కపెట్టడం మాత్రం వద్దు. లెక్క చేస్తున్న మనిషి ముందు వేరే అంకెలు ఊగుతుంటే 8, 4 తలలోంచి జారిపోతాయి. అదే కారణానికి టిక్ టిక్ శబ్దం కూడా లేకుంటేనే మంచిది.

అయిపోయిన దశను చెరిపేయాలా, ఉంచాలా?

ఉంచాలి. 91 వచ్చాక 3, 6లను తీసేస్తే, తర్వాతి దశలో 3 × 6 అన్నప్పుడు చూసేవాళ్లు అవి దేని కొరతలో గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. చిట్కా మనసులో చేయడానికే అయినా, నేర్చుకునేటప్పుడు ప్రతి అంకె పుట్టిన చోటు కళ్లముందు ఉండాలి.

అలాగని అన్నీ ఒకే వెలుగులో ఉండకూడదు. ఇప్పుడు వాడుతున్న అంకెలు పూర్తి వెలుగులో, మిగతావి సగం మసకగా ఉంచండి. 94 − 3 జరిగేటప్పుడు 94, 3, బాణం మాత్రమే వెలగాలి. 3 × 6 అప్పుడు ఆ రెండే వెలగాలి. అంకెలు ఎగురుతూ, తిరుగుతూ వచ్చే ఎఫెక్టులు వద్దు. పావు సెకనులో మెల్లగా తేలివస్తే సరిపోతుంది.

అక్షరాల సైజు ఎంత? తెరమీద ఎక్కడ పెట్టాలి?

1080 × 1920 పిక్సెళ్ల నిలువు ఫ్రేమ్ అనుకుందాం. ఫోన్ తెర వెడల్పు ఏడు సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 60 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం చేతిలో దాదాపు 4 మిల్లీమీటర్లు. అంతకంటే చిన్న మాట వీడియోలో ఎక్కడా ఉండకూడదు. లెక్కలోని అంకెలు 180 నుంచి 220 పిక్సెళ్ల ఎత్తుంటే చేయి చాచి పట్టుకున్నా కనబడతాయి.

తెలుగు మాటలకి ఒక అదనపు జాగ్రత్త కావాలి. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడే వరసల మధ్య ఎడంలో తెలుగు పెడితే పైవరస వత్తు కిందివరస గుడిని తాకుతుంది. ఎడం అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. సన్నటి ఫాంట్‌లో వత్తులు చిన్న తెరమీద కలిసిపోతాయి కాబట్టి మందంగా ఉన్నది ఎంచుకోండి.

స్థలం విషయానికొస్తే, చిన్న వీడియోల యాప్‌లు కింద శీర్షికనీ, కుడి అంచున లైక్, షేర్ బటన్లనీ మీ వీడియో మీదే పరుస్తాయి. సుమారుగా పైన 250, కింద 450, కుడివైపు 160 పిక్సెళ్లు మీవి కావనుకుని పని మొదలుపెట్టండి. మన అమరికలో కొరతల వరస కుడివైపు ఉంది, కుడి సగం జవాబు కూడా అటే ఉంది. కాబట్టి లెక్క మొత్తాన్ని మధ్య నుంచి కొంచెం ఎడమకి జరపండి. లేదంటే 18లో 8 బటన్ కిందికి పోతుంది.

ఫాంట్ ఎంచేముందు ఇంకో చిన్న పరీక్ష: 11 మీద 88 టైప్ చేసి చూడండి. రెండు వరసల అంచులూ సరిగ్గా కలిస్తే ఆ ఫాంట్‌లో అంకెలన్నీ ఒకే వెడల్పు. కలవకపోతే 91, 18 లాంటివి వాటి వరసల్లోంచి పక్కకి జరుగుతాయి, నిలువు వరసలు వంకరగా కనబడతాయి. గుణకార గుర్తుగా ఇంగ్లిష్ x అక్షరం కాకుండా × వాడండి. తీసివేతకి చిన్న హైఫన్ కాకుండా నిండు గీత − పెట్టండి.

రంగులు?

రెండు చాలు. ముదురు నేపథ్యం మీద సంఖ్యలన్నీ తెలుపు, కొరతలు పసుపు. కొరత ఏది, అసలు సంఖ్య ఏది అన్న తేడా ఒక్కటే రంగు చెప్పాలి.

నల్లటి నేపథ్యం మీద సన్నటి ఎరుపు అంకెలు మానుకోండి. మామూలు వీడియో ఫార్మాట్లలో వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది గానీ, రంగు వివరం సగం వెడల్పులో, సగం ఎత్తులో మాత్రమే నిల్వ అవుతుంది. ఎరుపుకి వెలుగు తక్కువ, ఆ అంకె ఆకారమంతా రంగు మీదే ఆధారపడుతుంది. అందుకే అప్‌లోడ్ చేశాక దాని అంచులు పులుముకున్నట్టు కనబడతాయి, 3కీ 8కీ తేడా పోతుంది. తెలుపు, పసుపు వెలుగు ఎక్కువున్న రంగులు కాబట్టి పదునుగా నిలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడాతో తప్పొప్పులు చూపించినా కొందరి కళ్లకి ఆ రెండూ ఒకేలా ఉంటాయి. తప్పుని కొట్టివేత గీతతో చూపించండి.

కాగితం మీద రాస్తూ తీయొచ్చా?

తీయొచ్చు. చేయి రాస్తుంటే దశలు సహజమైన వేగంతో వస్తాయి, అది మంచి లక్షణం. ఇబ్బందులు మూడు. కుడిచేత్తో రాసేవాళ్ల చేయి కుడివైపునీ కిందనీ కప్పుతుంది, అంటే సరిగ్గా కొరతల్నీ జవాబునీ. ప్రతి అంకె రాశాక చేతిని ఫ్రేమ్ బయటికి తీసి ఒక సెకను ఆగాలి. రెండోది, మెరిసే తెల్లబోర్డు మీద దీపం మచ్చ పడుతుంది. దీపాన్ని కెమెరా పక్కన కాకుండా పక్కవైపు నుంచి ఏటవాలుగా వెయ్యండి, లేదా మెరుపులేని మందపాటి కాగితం వాడండి. మూడోది, కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద వీడియోలో చారలు పాకుతుంటాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెడితే అవి చాలావరకు పోతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే చేయి వచ్చిన ప్రతిసారీ కాగితం మసకబారుతూ వెలుగుతూ ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్లు ఎడిటింగ్‌లో అంకెలు వేయడమే మేలు. ఒక దశ నిడివి మార్చాలంటే మళ్లీ షూట్ చేయక్కర్లేదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో వీడియోలో చెప్పాలా?

45 సెకన్లలో ఇరికించొద్దు. కానీ కారణం తయారుగా ఉండాలి, దాన్ని రెండో వీడియోగా ఇవ్వండి. సూత్రంతో కాకుండా అవే అంకెలతో చెబితే మూడు వరసల్లో అయిపోతుంది:

```
94 × 100 = 9400
94 × 3   = 300 − 18
9400 − 300 + 18 = 9118
```

94ని నూరుసార్లు తీసుకుంటే 9400. మనకి కావాల్సింది 97 సార్లే, కాబట్టి మూడు 94లు ఎక్కువయ్యాయి. మూడు 94లంటే మూడు నూర్లలో మూడు ఆరులు తక్కువ. మూడు నూర్లు తీసేస్తే 9100 మిగిలింది, అదే 94 − 3 = 91 అన్న దశ. ఆ తీసివేతలో 18 ఎక్కువగా పోయింది కాబట్టి వెనక్కి కలిపాం. అక్షరాలతో రాయాలంటే (100 − a)(100 − b) = 100(100 − a − b) + ab.

ఇది మీకు తెలిసి ఉంటే కుడి సగంలో రెండంకెలే ఎందుకుండాలో మీ మాటల్లోనే వచ్చేస్తుంది. ఎడమ సగం నూర్ల లెక్క. దాని వెనక పదుల చోటు, ఒకట్ల చోటు తప్పకుండా ఉండాలి. 6 వస్తే పదుల చోటు ఖాళీ, అందుకే 06.

91 కంటే చిన్న సంఖ్యలకి పనిచేయదా?

పనిచేస్తుంది, తేలిక మాత్రం తగ్గుతుంది. రెండూ 91, 99 మధ్య ఉంటే కొరతలు 9 దాటవు, లబ్ధం 81 దాటదు, రెండు గళ్లలో పడుతుంది. 88 × 89లో ఎడమ 77, కుడి 132. అందులో 1 ఎడమకి వెళ్లి 78 అవుతుంది, జవాబు 7832. ఇది వేరే వీడియో.

72 × 64 దగ్గర చిట్కా తన అర్థమే కోల్పోతుంది. కొరతలు 28, 36. వాటిని గుణించడం అసలు లెక్కంత కష్టం. జవాబు 3600 + 1008 = 4608 సరిగ్గానే వస్తుంది గానీ శ్రమ ఏమీ ఆదా కాలేదు. అందుకే "ఏ రెండంకెల సంఖ్యలైనా క్షణంలో గుణించండి" అని శీర్షిక పెట్టొద్దు. చూసినవాళ్లు ముందుగా ప్రయత్నించేది తమకి నచ్చిన ఏదో 47 × 63నే, అక్కడే నమ్మకం పోతుంది.

నూరు దాటినవి, అంటే 104 × 107 లాంటివి, కొరత బదులు మిగులుతో చేయాలి: 104 + 7 = 111, 4 × 7 = 28, జవాబు 11128. ఇదీ విడిగానే చూపించాలి. ఒకటి పైన, ఒకటి కింద ఉన్నప్పుడు (103 × 96) కుడి సగాన్ని తీసేయాలి: 9900 − 12 = 9888. ఒకే వీడియోలో తీసేయడం, కూడటం రెండూ చూపిస్తే ఏది ఎప్పుడో గుర్తుండదు.

జవాబు తప్పు పడలేదని ఎలా సరిచూసుకోవాలి?

తెరమీది ప్రతి లెక్కనీ కాలిక్యులేటర్‌తో చూడండి, అందులో సందేహం లేదు. కొందరు అంకెల మొత్తంతో సరిచూడటాన్ని కూడా వీడియోలో చిట్కాగా చేరుస్తారు. 97లో 9 + 7 = 16, 1 + 6 = 7. 94లో 13, అంటే 4. 7 × 4 = 28, 10, 1. జవాబు 9118లో 19, 10, 1. కుదిరింది.

కానీ ఈ పద్ధతి ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పునే పట్టుకోలేదు. 98 × 97కి ఎవరైనా సున్నా మరిచి 956 అని రాశారనుకోండి. 9 + 5 + 6 = 20, అంటే 2. సరైన జవాబు 9506 మొత్తం కూడా 20, అంటే 2. సున్నా కలిపినా కలపకపోయినా మొత్తం మారదు. ఆ తప్పుని పట్టేది సైజు: 98 × 97 అంటే దాదాపు నూరు నూర్లు, పదివేలకి దగ్గరగా ఉండాలి. 956 అందులో పదో వంతు కూడా లేదు. చూసేవాళ్లకి ఒక్క తనిఖీ నేర్పాలంటే ఇదే నేర్పండి: జవాబులో నాలుగంకెలు ఉన్నాయా?

సబ్‌టైటిల్స్ పెట్టాలా?

శబ్దం లేకుండా చూసేవాళ్లకి అవసరమే. కానీ గొంతులోని మాటల్ని యాప్ తనంతట తాను రాస్తే "తొంభై నాలుగులోంచి" అన్నది ఎలా వస్తుందో చెప్పలేం, పైగా అది లెక్క మీదికే వచ్చి కూర్చోవచ్చు. విడిగా SRT ఫైల్ రాసుకోవడం కష్టమేమీ కాదు:

```
4
00:00:10,200 --> 00:00:12,800
ఈ మూడుని 94లోంచి తీసేయండి
```

పైన వరస సంఖ్య, తర్వాత సమయం, సెకన్ల తర్వాత చుక్క కాకుండా కామా, ఆపైన వాక్యం, ఆఖర్న ఒక ఖాళీ వరస. ఫైల్‌ని UTF-8లో సేవ్ చేయకపోతే తెలుగు గజిబిజి గుర్తులుగా మారుతుంది. ఇక్కడ ఒక నియమం గట్టిగా పాటించండి: జవాబు అంకె తెరమీదికి రాకముందు సబ్‌టైటిల్‌లో రాకూడదు. చదివేసిన వాళ్లకి ఆలోచించే అర సెకను దక్కదు.

అప్‌లోడ్ చేసేముందు ఎలా పరీక్షించాలి?

ఫోన్‌లోనే, శబ్దం ఆపి, చేయి చాచి ఒకసారి చూడండి. గొంతు లేకపోయినా దశలు అర్థమైతే తెర పని తెర చేస్తోందన్నమాట. తర్వాత ఈ చిట్కా తెలియని ఒకరికి ఒక్కసారి చూపించి, ఫోన్ తీసేసుకుని, 93 × 95, 99 × 96 అడగండి. ఏమీ చెప్పకుండా వాళ్ల జవాబు రాసుకోండి. సరైనవి 8835, 9504.

తప్పు వస్తే, ఏ తప్పు వచ్చిందన్నదే మీరు ఏ దశని సరిచేయాలో చెబుతుంది. మొదటిదానికి 8812 వస్తే కొరతలు 7, 5ని గుణించకుండా కూడారు. 16 నుంచి 21 సెకన్ల మధ్య గుణకార గుర్తు తెరమీద కనబడటం లేదు, 3 × 6 అని రాసి చూపించండి. 8635 లేదా 9035 వస్తే కొరతను దాని సొంత సంఖ్యలోంచే తీశారు. అంటే ఏటవాలు బాణం చాలా వేగంగా పోయింది, లేదా మిగతా అంకెలు మసకబారలేదు. ఆ దశకి ఇంకో సెకను ఇచ్చి, బాణం చివర 94 దగ్గర ఒక క్షణం నిలబెట్టండి. రెండోదానికి 954 వస్తే 06 భాగం సరిగా పడలేదు. ఖాళీ చోటు ముందు కనబడి, తర్వాత సున్నా వచ్చి చేరేలా మార్చండి. ఒకేసారి 06 అని వచ్చేస్తే ఆ సున్నా ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

మార్చాక అదే మనిషిని మళ్లీ అడగకండి, ఈపాటికి వాళ్లకి చిట్కా వచ్చేసి ఉంటుంది. కొత్తగా ఇంకొకరికి చూపించండి.